పగలని గుడ్డు ఏం చెబుతుంది?

గంప కింద కూర్చున్న నాటుకోడి పన్నెండు గుడ్లు పొదిగి తొమ్మిదో పదో పిల్లలను చేస్తుంది. అవే గుడ్లను కరెంటు పెట్టెలో పెడితే చాలాసార్లు ఆరేడుకు మించి రావు. మిషన్ కొన్న ప్రతి ఇంట్లోనూ ఇరవై రెండో రోజు పుట్టే ప్రశ్న ఇదే: కోడికి కుదిరింది పెట్టెకు ఎందుకు కుదరదు?

హుజూరాబాద్ లాంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు మరింత బరువుంది. ఇక్కడ మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, జనవరి తెల్లవారుజామున చలి 15 డిగ్రీలకు దిగుతుంది, ఆగస్టులో గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, అంకెలు చూపే థర్మోస్టాట్ కలిపి తయారైన ఇంక్యుబేటర్ ఈ మూడు కాలాల్లోనూ ఒకే పని చేయాలి. అది ఎక్కడ తడబడిందో తెలుసుకోవడానికి నమ్మకమైన సాక్షి ఒకటుంది. అది పగలకుండా మిగిలిపోయిన గుడ్డు. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ పొదుగులో ఉన్న గుడ్డు లోపల పిల్ల ఏ రోజుకు ఎలా ఉంటుందో వర్ణించి రాశాడు. మూడో రోజుకు గుండె నెత్తుటి చుక్కలా కొట్టుకోవడం అందులో కనిపిస్తుంది. ఏ రోజుకు ఏ రూపం ఉండాలో తెలిస్తే, ఆగిపోయిన గుడ్డు ఏ రోజు ఆగిందో చెప్పవచ్చు. ఆగిన రోజు తెలిస్తే కారణం చాలావరకు తెలిసినట్టే.

పెట్టెలోకి రాకముందే

కోడి పెట్టిన గుడ్డులో జీవం అప్పటికే మొదలై ఉంటుంది. కోడి కడుపులో సుమారు ఒక రోజు గడిచేసరికి పచ్చసొన మీది చిన్న తెల్ల మచ్చలో వేల కణాలు ఏర్పడతాయి. బయటి చల్లదనానికి ఆ పెరుగుదల ఆగి, మళ్లీ వెచ్చదనం తగిలేదాకా నిద్రలో ఉంటుంది. ఈ నిద్ర నిలవాలంటే గుడ్డు చుట్టూ వేడి 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా గాని, అంతకంటే తక్కువగా గాని ఉండాలి. 15 నుంచి 18 డిగ్రీలు ఉత్తమం.

మే నెలలో రేకుల ఇంట్లో అలమార మీద ఉంచిన గుడ్డుకు పగలంతా 38, 39 డిగ్రీలు తగులుతాయి. పొదుగు మొదలైందన్నట్టు పిండం పెరగడం మొదలుపెడుతుంది. రాత్రి 30కి పడిపోగానే కుంటుపడుతుంది. మళ్లీ పగలు లేస్తుంది. నాలుగైదు రోజులు ఇలా సగం నిద్ర, సగం మెలకువగా గడిచిన పిండం పెట్టెలోకి చేరేసరికి బలం పోగొట్టుకుంటుంది, లేదా చచ్చిపోయి ఉంటుంది. పెట్టెలో ఎంత కచ్చితమైన వేడి ఇచ్చినా అది లేవదు.

అందుకే ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు మించి గుడ్లు దాచకూడదు. మిగతా కాలాల్లో వారం దాకా ఫర్వాలేదు. వెడల్పు మట్టి కుండలో తడి ఇసుక పోసి, దాని మీద చిన్న గంపలో గుడ్లు పెట్టి, పలుచని తడిగుడ్డ కప్పి నీడలో ఉంచితే బయటి వేడి కంటే చాలా డిగ్రీలు తగ్గుతుంది. మంచినీళ్ల కుండ చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. తడిగుడ్డ మాత్రం గుడ్లకు అంటకూడదు. ఫ్రిజ్ పనికిరాదు. అక్కడి నాలుగైదు డిగ్రీల చలి పిండానికి ఎక్కువ. పైగా బయటికి తీయగానే పెంకు మీద చెమ్మ పట్టి, ఆ తడితో పాటు క్రిములు లోపలికి దిగుతాయి. మురికి గుడ్డును చన్నీళ్లతో కడిగినా ఇదే ముప్పు. కడిగితే పెంకు మీది సహజమైన రక్షణ పొర పోతుంది, చల్లబడి కుంచించుకునే గుడ్డు బయటి తడిని లోపలికి పీల్చుకుంటుంది. పొడిగా తుడిచినా పోనంత మురికి ఉంటే ఆ గుడ్డును కూరకు వాడుకోవడమే మేలు.

ఇక పుంజు లేని గుడ్డు సంగతి. దుకాణంలో దొరికే ఫారం గుడ్లు పుంజులు లేని షెడ్ల నుంచి వస్తాయి కాబట్టి వాటిలో పిల్ల పుట్టదు. పెరటి కోళ్లలో ఎనిమిది పది పెట్టలకు ఒక చురుకైన పుంజు చాలు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి జాతులకూ, అసీల్‌కూ, ఊరి నాటుకోడికీ పొదుగు లెక్క ఒకటే: 21 రోజులు.

వేడి: పెట్టె చూపేది, గుడ్డుకు తగిలేది

ఫ్యాను తిరిగే పెట్టెలో 37.5 నుంచి 37.8 డిగ్రీల వేడి కావాలి. ఫ్యాను లేని పెట్టెలో వేడి గాలి పైకి చేరి పొరలు పొరలుగా నిలుస్తుంది. అందువల్ల గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచినప్పుడు 38.5 దగ్గర ఉండేట్టు చూస్తారు. అదే పెట్టెలో అడుగున ఒకటి రెండు డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. థర్మామీటరును ఏ ఎత్తులో పెట్టారన్నది ఇక్కడ అంకె అంత ముఖ్యం.

ముందు ఆ అంకె నిజమా అన్నది తేల్చుకోవాలి. చవక థర్మోస్టాట్లు ఒక డిగ్రీ దాకా తప్పు చూపడం మామూలే. పిల్లకు ఆ డిగ్రీ చావుబతుకుల తేడా. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు సరిగ్గా ఈ వేడి దగ్గరే కచ్చితంగా కొలిచేలా తయారైన సాధనం. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, థర్మోస్టాట్ తీగ కొసనూ జ్వరం థర్మామీటరునూ పక్కపక్కనే ముంచి, నీళ్లను కలుపుతూ రెండింటినీ పోల్చాలి. థర్మామీటరు 37.6 అంటుంటే థర్మోస్టాట్ 37.0 అంటే, అది 0.6 తక్కువ చూపుతున్నదని అర్థం.

సొంతంగా పెట్టె కట్టుకునేవారు తరచు వాడే W1209 బోర్డులో ఈ తేడాను సరిదిద్దడానికి P4 అనే అమరిక ఉంది. అదే బోర్డులో చాలామంది చూడని మరో అమరిక P1. కొన్నప్పుడు సాధారణంగా అది 2 దగ్గర ఉంటుంది. అంటే 37.7 దగ్గర ఆరిన బల్బు, వేడి 35.7కు పడిపోయాక గాని మళ్లీ వెలగదు. సగటున గుడ్డుకు అందే వేడి ఒక డిగ్రీ తగ్గిపోతుంది, పిల్లలు ఇరవై రెండు, ఇరవై మూడు రోజులకు నీరసంగా వస్తాయి. P1ను 0.3కు తగ్గిస్తే ఈ ఊగిసలాట ఆగుతుంది. P0లో C అంటే చల్లబరచడం, H అంటే వేడి చేయడం. పొదిగే పెట్టెకు అక్కడ H ఉండాలి.

మూత తీసినప్పుడల్లా అంకె గబుక్కున పడిపోవడం చూసి కంగారుపడనక్కర్లేదు. పడిపోయింది గాలి వేడే. గుడ్డు నీళ్లు నిండిన కుండ లాంటిది, నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. కోడి కూడా మేతకోసం రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు గూడు విడుస్తుంది. కరెంటు పోయినా రెండు మూడు గంటలకు గుడ్లన్నీ చావవు. పెట్టెకు దుప్పటి కప్పి, లోపల గోరువెచ్చని నీళ్ల సీసాలు పెడితే గండం గడుస్తుంది. గాలి రంధ్రాలను మాత్రం మూసేయకూడదు.

అసలు ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. పిండం చల్లదనాన్ని కొంతసేపు ఓర్చుకుంటుంది గాని వేడిని ఓర్చుకోలేదు. 40 డిగ్రీలు దాటిన వేడి కొన్ని గంటలు తగిలితే చాలా పిండాలు చస్తాయి. చిన్న పెట్టె వేడి చేయగలదే తప్ప చల్లబరచలేదు. మే నెల మధ్యాహ్నం గదిలో 41 డిగ్రీలుంటే బల్బు ఆరిపోయినా పెట్టె లోపల 41 ఉంటుంది. దీనికి గుడ్ల సొంత వేడి తోడవుతుంది. పద్దెనిమిదో రోజుకు యాభై గుడ్లలోని పిల్లలు కలిసి ఆరేడు వాట్ల హీటరంత వేడి పుట్టిస్తాయి. మొదటి వారంలో సరిగ్గా నడిచిన పెట్టె మూడో వారంలో మండిపోవడానికి కారణం ఇదే. ఇక్కడ యంత్రం కంటే గది ముఖ్యం. రేకుల షెడ్డులో కాకుండా, మట్టి గోడల పెంకుటింట్లో, నట్టింటి నీడలో పెట్టెను ఉంచాలి. అలాంటి గది లేకపోతే ఏప్రిల్ నెలాఖరు నుంచి తొలకరి దాకా మిషన్‌ను ఆపి, ఆ పని కోడికే వదలడం మంచిది.

తేమ: తక్కెడ చెప్పే లెక్క

గుడ్డు పెంకు మూసిన గోడ కాదు. దానిలో కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి. వాటి గుండా పిల్ల గాలి పీలుస్తుంది, వాటి గుండానే నీరు ఆవిరై బయటికి పోతుంది. పోయిన నీటి చోటును వెడల్పు కొసన గాలి నింపుతుంది. ఇదే గాలి గది. ఇరవయ్యో రోజు పిల్ల తన మొదటి ఊపిరిని ఈ గదిలోనే తీసుకుంటుంది. నీరు తక్కువగా పోతే గది చిన్నదై, పిల్ల ఉబ్బి ఊపిరాడక చస్తుంది. ఎక్కువగా పోతే పిల్ల ఎండిపోయి పెంకు పగలగొట్టే శక్తి కోల్పోతుంది. పద్దెనిమిదో రోజుకు గుడ్డు తన బరువులో నూటికి పన్నెండు పాళ్లు తగ్గితే లెక్క కుదిరినట్టు.

మొదటి 18 రోజులు పెట్టెలో 50 నుంచి 55 శాతం తేమ ఉంచాలని సాధారణంగా చెబుతారు. అయితే ఆ శాతం తెచ్చుకోవడానికి ఎన్ని నీళ్లు పెట్టాలన్నది కాలాన్ని బట్టి మారుతుంది. సోలెడు నీళ్లు చిన్న గిన్నెను నింపుతాయి, అవే నీళ్లు బిందెలో అడుగునే ఉంటాయి. గాలి వేడెక్కే కొద్దీ పెద్ద పాత్ర అవుతుంది. ఆగస్టు ముసురులో 25 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలోకి వెళ్లి 37.5కు వేడెక్కితే, అందులోని తేమ 45 శాతం దగ్గరకు వస్తుంది. అప్పుడు చిన్న మూతలో నీళ్లు పెట్టినా సరిపోతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి అదే పెట్టెలో 20 శాతం దగ్గరకు పడిపోతుంది. మంచు పడుతున్నదని నీళ్లు తగ్గిస్తే గుడ్లు ఎండిపోతాయి. నీటి లోతు కంటే నీటి వెడల్పే తేమను పెంచుతుందని గుర్తుంచుకోవాలి. లోతైన గ్లాసు కంటే వెడల్పు పళ్లెం ఎక్కువ ఆవిరి ఇస్తుంది.

తేమ చూపే చిన్న మీటర్లను పూర్తిగా నమ్మలేం. వాటిని పరీక్షించడానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీరు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచాలి. ఆ డబ్బాలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీటరు 68 చూపితే అది ఏడు తక్కువ చెబుతున్నదన్నమాట.

అన్నిటికంటే నమ్మకమైనది తక్కెడ. గ్రాములు చూపే చిన్న తూకం మిషన్ మీద గుర్తు పెట్టిన పది గుడ్లను తూచాలి. అవి 500 గ్రాములు తూగాయనుకుందాం. పద్దెనిమిది రోజుల్లో 60 గ్రాములు తగ్గాలి. అంటే ఏడో రోజుకు సుమారు 477, పద్నాలుగో రోజుకు 453, పద్దెనిమిదో రోజుకు 440 గ్రాములు ఉండాలి. ఏడో రోజు 485 ఉంటే నీరు చాలినంత పోలేదు, నీళ్ల పళ్లెం చిన్నది చేయాలి. 468 ఉంటే ఎక్కువ పోయింది, పళ్లెం వెడల్పు చేయాలి. ఈ దిద్దుబాటుకు ఇంకా పది రోజుల సమయం ఉంటుంది. ఇరవై రెండో రోజు విచారించడం కంటే ఏడో రోజు తూచడం ఎంతో నయం.

తిప్పడం ఎందుకు?

పచ్చసొన తెల్లసొన కంటే తేలిక, పైకి తేలుతుంది. దాని మీద కూర్చున్న పిండం కూడా పైకి చేరి, కదలకుండా ఉంటే పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. తిప్పడం వల్ల మరో మేలు కూడా ఉంది. పిండం నుంచి బయలుదేరిన రక్తనాళాలు పెంకు లోపలంతా పరుచుకొని ఊపిరితిత్తుల పని చేస్తాయి. మొదటి వారంలో సరిగా తిప్పని గుడ్లలో ఈ నాళాల వల పలచగా అల్లుకుంటుంది, తెల్లసొన పూర్తిగా ఖర్చుకాదు. ఆ లోటు అప్పుడు కనపడదు. గాలి అవసరం పెరిగిన చివరి వారంలో బయటపడుతుంది.

చేత్తో తిప్పేవారు గుడ్లను పక్కవాటుగా పడుకోబెట్టి, పెన్సిల్‌తో ఒక వైపు గీతా మరో వైపు సున్నా పెట్టుకుంటారు. రోజుకు మూడుసార్లో అయిదుసార్లో, అంటే బేసి సంఖ్యలో తిప్పాలి. ఎందుకంటే రాత్రి వేళ గుడ్డు చాలాసేపు ఒకే వైపు ఉంటుంది. బేసిసార్లు తిప్పితే నిన్నటి రాత్రి పైకున్న వైపు ఇవాళ రాత్రి కిందికి వస్తుంది. మోటారు ట్రే అయితే వెడల్పు కొస పైకి పెట్టి, గంట రెండు గంటలకోసారి ఇటు 45, అటు 45 డిగ్రీలు వాలేట్టు చూడాలి. సన్న కొస పైకి పెట్టిన గుడ్డులో పిల్ల తల గాలి గదికి ఎదురు దిక్కుకు చేరే అవకాశం పెరుగుతుంది.

చివరి మూడు రోజులు

పద్దెనిమిదో రోజుతో తిప్పడం ఆపాలి. పిల్ల అప్పటికి ముక్కును కుడి రెక్క కింద పెట్టుకొని, గాలి గది వైపు తిరిగి సిద్ధంగా ఉంటుంది. తేమను 65 నుంచి 70 శాతానికి పెంచి, గాలి రంధ్రాలు తెరిచి, మూత మూసి వదిలేయాలి. పెంకు మీద మొదటి చీలిక కనపడ్డాక పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు ఏమీ జరగనట్టు ఉండవచ్చు. ఆ సమయంలో లోపల పెద్ద పని నడుస్తుంది. పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి వెనక్కి వెళుతుంది, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి చేరుతుంది. ఈ పని ముగియకముందే జాలితో పెంకు ఒలిస్తే రక్తం కారి పిల్ల చస్తుంది. చూడాలన్న ఆత్రంతో మూత తీస్తే తేమ పోయి, చీలిక చుట్టూ ఉన్న పొర ఎండి తోలులా పిల్లకు చుట్టుకుంటుంది. ముందు పుట్టిన పిల్లలకు ఆకలేస్తుందన్న తొందర కూడా వద్దు. కడుపులోకి చేరిన పచ్చసొన వాటికి రెండు రోజుల తిండి.

ఒక విడత విచారణ

ఏప్రిల్ నెలలో 50 గుడ్లు పెట్టి 24 పిల్లలు వచ్చిన ఒక విడతను ఉదాహరణగా తీసుకుందాం. సగానికి తక్కువ. మిషన్ పనికిరాదన్న మాట వెంటనే వస్తుంది. మిగిలిన 26 గుడ్లను పారేయకుండా, ఆరుబయట ఒక్కొక్కటిగా పళ్లెంలో పగలగొట్టి వరసగా పెడితే వేరే కథ బయటపడుతుంది. ఏడో రోజు చీకటి గదిలో టార్చి వెలుగుకు గుడ్డును ఆనించి చూసి, ఖాళీగా కనిపించి పక్కన పెట్టిన గుడ్లను కూడా ఈ లెక్కలో కలపాలి.

నాలుగు గుడ్లలో పచ్చసొన మీద చిన్న గట్టి తెల్ల చుక్క మాత్రమే ఉంది. ఇవి పుంజు కలవని గుడ్లు. ఏడు గుడ్లలో ఆ చుక్క వెడల్పై, మజ్జిగ మరకలా తెల్లగా పరుచుకొని ఉంది, రక్తం లేదు. ఇవి ఒకటి రెండు రోజుల వయసుకే ఆగినవి. ఏడూ ఎక్కువ రోజులు దాచిన గుడ్లయితే తప్పు పెట్టెది కాదు, దాచిన చోటిది. మూడింటిలో నెత్తుటి ఉంగరం ఉంది. ఇవి రెండు నుంచి నాలుగో రోజు మధ్య, మొదటి రోజుల వేడి తేడాలకు చనిపోయినవి. రెండింటిలో నల్లని కన్ను, పూర్తిగా ఏర్పడని ఈకలు ఉన్నాయి. మధ్య వారంలో చావులు మామూలుగా తక్కువే ఉంటాయి. అవి ఎక్కువైతే తల్లి కోళ్ల మేతలో విటమిన్ల లోపాన్నో, గుడ్డులో చేరిన క్రిములనో అనుమానించాలి. వాసన వస్తే క్రిములే.

మిగిలిన పది గుడ్లలో నిండు పిల్లలున్నాయి. వాటిలో మూడింటి తల సన్న కొస వైపు ఉంది. ట్రేలో గుడ్లు తలకిందులుగా పెట్టలేదు కదా అని చూసుకోవాలి. మిగతా ఏడూ పెంకును చీల్చి, ఆ తర్వాత చనిపోయినవి. చీలిక దగ్గర పొర పసుపు గోధుమ రంగులో ఎండి ఉంది. చివరి రోజుల్లో మూత పదేపదే తీశారనడానికి, లేదా నీళ్లు చాల్లేదనడానికి ఇది గుర్తు. అదే పొర తడిగా, పిల్ల ఉబ్బి, జిగురు నీటిలో మునిగినట్టుంటే కారణం తారుమారవుతుంది. అప్పుడు మొదటి పద్దెనిమిది రోజుల్లో తేమ ఎక్కువైందన్నమాట. ముసురు నెలల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకం.

ఈ 50లో పిల్లకు అవకాశం ఉన్న గుడ్లు 46. వాటిలో 24 పగిలాయి, నూటికి 52. దాచే చోటు మార్చి ఏడింటినీ, చివరి మూడు రోజులు మూత తీయకుండా మరో ఏడింటినీ కాపాడగలిగితే 38 పిల్లలు వస్తాయి, నూటికి 83 దగ్గర. ఈ లెక్కలో పెట్టెలో మార్చవలసిందేమీ లేదు. పొదిగిన తారీఖు, దాచిన రోజులు, ఏడో రోజు తూకం, పగలని గుడ్లలో కనిపించినవి ఒక నోటుబుక్కులో రాసుకుంటే, అదే పెట్టెలో తర్వాతి విడతకు ఏం మార్చాలో ఆ పేజీయే చెబుతుంది.